వాలు లేని చోట కోణం ఉంటుందా? (y² = 4x, x² = 4y)

పాకాల పద్మ:
మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం. y² = 4x, x² = 4y వక్రాల మధ్య కోణం కనుక్కోమని పరీక్షలో ఇచ్చారు. (4, 4) దగ్గర tan θ = 3/4 అనీ, (0, 0) దగ్గర 90° అనీ రెండూ రాసింది. రెండోది కొట్టేసి పక్కన "ఇక్కడ వాలు లేదు" అని రాశారు. వాలు లేకపోతే కోణం కూడా లేనట్టేనా?

చంద్రగిరి లెక్కల సార్:
కొట్టేసింది సబబే అమ్మా. పిల్లలకి మనం నేర్పే సూత్రం ఒకటే: tan θ = |(m₁ − m₂)/(1 + m₁m₂)|. అందులో వేయడానికి వాలులు రెండూ చేతిలో ఉండాలి. y² = 4x ని అవకలనం చేస్తే 2y·y′ = 4, అంటే y′ = 2/y. మూలబిందువులో y సున్నా, సున్నాతో భాగించడానికి లేదు. (4, 4) దగ్గర ఏ ఇబ్బందీ లేదు. m₁ = 1/2, m₂ = x/2 = 2. పైన 3/2, కింద 1 + 1 = 2, కాబట్టి 3/4. కోణం సుమారు 36.87°. జవాబు అంతే.

కాణిపాకం రవి:
బొమ్మ గీసి చూడండి సార్. సున్నా దగ్గర ఒకటి నిటారుగా లేస్తుంది, ఇంకోటి అడ్డంగా పోతుంది. 90 కాక ఇంకేమిటి?

చంద్రగిరి లెక్కల సార్:
బొమ్మ నిరూపణ కాదు రవీ.

తిరుచానూరు శారద:
పద్మగారూ, పాప రాసిన రెండో జవాబు సరైనదే. సార్ చెప్పిన వరసలోనే ఒక్క అడుగు వెనక్కి వెళ్దాం. 2y·y′ = 4 లో y = 0 వేస్తే 0 = 4 అని వస్తుంది. అంటే ఆ బిందువులో y′ అనే సంఖ్య లేదు. అక్కడివరకు సార్ మాట నిజం. అయితే స్పర్శరేఖ లేదని ఆ లెక్క ఎక్కడా చెప్పలేదు. అదే వక్రాన్ని x = y²/4 అని రాసుకుని y తో అవకలనం చేస్తే dx/dy = y/2, y = 0 దగ్గర అది సున్నా. y కదులుతుంటే x కదలడం లేదు, కాబట్టి స్పర్శరేఖ నిలువు గీత x = 0. రెండో వక్రానికి dy/dx = x/2 = 0, దాని స్పర్శరేఖ y = 0. వక్రాల మధ్య కోణం అంటే ఖండన బిందువులో ఈ రెండు స్పర్శరేఖల మధ్య కోణమే. Y-అక్షానికీ X-అక్షానికీ మధ్య ఎంత ఉంటుందో అంతే.

పుత్తూరు బీయస్సీ:
మేడమ్ చెప్పింది కరెక్టు. ఇంకా సులువు దారి ఉంది. m₁ అనంతం, m₂ సున్నా. లంబంగా ఉన్నాయి కాబట్టి m₁m₂ = −1. అనంతం ఇంటు సున్నా ఇక్కడ −1 అవుతుందని రాసేస్తే చాలు.

చంద్రగిరి లెక్కల సార్:
చూశారా, నేను భయపడేది ఇదే. అనంతం ఇంటు సున్నా −1 అట! సరే, లెక్కే వేద్దాం. మొదటి వక్రం మీద y = 0.01 దగ్గర వాలు 2/0.01 = 200. రెండో వక్రం మీద x = 0.01 దగ్గర వాలు 0.005. గుణిస్తే 1. ఇంకా దగ్గరికి, 0.0001 కి పోయినా మళ్ళీ 1 వస్తుంది. −1 ఎప్పటికీ రాదు. m₁m₂ = −1 అయితేనే లంబం అని పుస్తకంలో ఉంది, ఇక్కడ 1 వస్తోంది. మరి 90° ఎట్లా అంటారు?

పుత్తూరు బీయస్సీ:
అయ్యో, అది 1 వస్తుందని నేను చూసుకోలేదు.

తిరుచానూరు శారద:
సార్, మీ అంకెలు సరైనవే, వాటితోనే కోణం కూడా వేసి చూడండి. వాలు 200 ఉన్న గీత X-అక్షంతో చేసే కోణం 89.71°. వాలు 0.005 ఉన్న గీత చేసేది 0.29°. తేడా 89.43°. లబ్ధం 1 దగ్గరే నిలబడిపోయింది, కోణం మాత్రం 90 వైపు పోతోంది. సూత్రంలో పెట్టినా అంతే: పైన 199.995, కింద 1 + 1 = 2, tan దాదాపు 100. ఇంకా దగ్గరికి పోతే పైది పెరుగుతూనే ఉంటుంది, కిందది 2 దాటదు.

పైగా ఆ 1 కూడా మీరు రెండు వక్రాల మీద ఒకే 0.01 తీసుకున్నందుకే వచ్చింది. మొదటిదాని మీద y = 0.01, రెండోదాని మీద x = 0.03 తీసుకోండి, లబ్ధం 3 అవుతుంది. ఎంత కావాలంటే అంత తెప్పించవచ్చు. m₁m₂ = −1 అనే పరీక్ష వాలులు రెండూ సంఖ్యలుగా ఉన్నప్పుడే పనికొస్తుంది. ఒక గీత నిలువైతే ఆ పరీక్ష పెట్టకూడదు. పుత్తూరు తమ్ముడూ, నీ జవాబు సరిపోయింది, దానికి చెప్పిన కారణం తప్పు. పరీక్షలో అట్లా రాస్తే కొట్టేస్తారు, కొట్టేయాలి కూడా.

పలమనేరు వెల్డింగ్ షాపు:
నాదొక సందేహం అన్నా. గేటు పైన రెండు ఆర్చీలు ఒకదాన్నొకటి దాటే చోట పైపు ఏ కోణంలో కోయాలో తెలియాలి. ఆకారం సరిగ్గా ఈ వక్రాలే. గ్రాఫ్ పేపరు మీద వేసి (4, 4) దగ్గర కోణమానిని పెడితే 31 డిగ్రీలు వచ్చింది. మీరేమో 36.87 అంటున్నారు. గీసింది జాగ్రత్తగానే.

తిరుచానూరు శారద:
అడ్డం ఏ స్కేలు, నిలువు ఏ స్కేలు తీసుకున్నారు?

పలమనేరు వెల్డింగ్ షాపు:
అడ్డం ఒక సెంటీమీటరుకి 1. పేపరు చాలలేదని నిలువు ఒక సెంటీమీటరుకి 2 పెట్టినాను.

తిరుచానూరు శారద:
అదే కారణం. నిలువు సగానికి నొక్కేస్తే పేపరు మీద ప్రతి వాలూ సగమవుతుంది. 2 కాస్తా 1 అయింది, 1/2 కాస్తా 1/4 అయింది. tan = (3/4)/(5/4) = 3/5, అంటే 30.96°. మీ చేయి బాగానే కొలిచింది, పేపరే కోణాన్ని మార్చింది. రెండు వైపులా ఒకే స్కేలు పెట్టండి. వంపు మీద కోణమాని ఆనించకండి, స్పర్శరేఖలు పొడుగ్గా గీసి వాటి మీద కొలవండి. (4, 4) నుంచి (0, 2) కి ఒక గీత, (4, 4) నుంచి (2, 0) కి ఇంకో గీత. మొదటిది y² = 4x కి, రెండోది x² = 4y కి స్పర్శరేఖ. పొడుగు గీత మీద కొలిస్తే అర డిగ్రీ తేడాకూడా కనిపిస్తుంది.

మూలబిందువు దగ్గర మాత్రం మీ పాత పేపరు మీద కూడా 90 నే వచ్చి ఉంటుంది. అక్కడ స్పర్శరేఖలు అక్షాల మీదే ఉన్నాయి, నిలువుని నొక్కినా అవి కదలవు.

పలమనేరు వెల్డింగ్ షాపు:
అవును, కింద 90 వచ్చింది. పైన కోత మళ్ళీ వేసుకుంటా. సంతోషం.

చంద్రగిరి లెక్కల సార్:
గేట్ల సంగతి పక్కన పెట్టండి. ఇక్కడ అడిగింది మార్కుల గురించి. ప్రతి ఏడాదీ కట్టలు కట్టలు పేపర్లు దిద్దుతున్నాను. ఈ లెక్కలో (0, 0) దగ్గర 90° అని రాసేవాళ్ళలో చాలామంది పక్కన ఒక్క అడుగు కూడా రాయరు. ఎవరో చెప్పారు కాబట్టి రాస్తారు. కొందరు modulus మరిచిపోయి −3/4 వేసి 143° అంటారు, వాళ్ళకి కనీసం ఎక్కడ తప్పారో చూపించగలను. ఊరికే 90 అని రాసిన బిడ్డకి ఏ అడుక్కని మార్కు వేయాలి? పోయినేడు ఒక కాలేజీలో ఇదే విషయానికి నా మీద తల్లిదండ్రుల చేత ఫిర్యాదు చేయించారు. ఇంట్లో కూర్చుని "90 కాక ఇంకేమిటి" అనడం తేలిక.

కాణిపాకం రవి:
నన్నెందుకు లాగుతారు సార్, నేను బొమ్మ మాట చెప్పానంతే.

తిరుచానూరు శారద:
సార్, మీరు మొదట అన్నది అక్కడ కోణమే లేదని. ఇప్పుడు అంటున్నది కారణం లేకుండా రాస్తే మార్కు వేయనని. రెండూ ఒకటి కాదు. రెండోది నాకూ ఒప్పుదలే. మొదటిదాన్ని ఒప్పుకోలేను, దానివల్ల సరైన జవాబు రాసిన బిడ్డ "నాది తప్పు" అనుకుని పోతుంది.

చంద్రగిరి లెక్కల సార్:
అయితే ఏ అడుగు రాయాలో మీరే చెప్పండి. భాగహారం లేకుండా.

తిరుచానూరు శారద:
అభిలంబ దిశలు తీసుకోండి. y² − 4x కి (−4, 2y), x² − 4y కి (2x, −4). అభిలంబాల మధ్య కోణమే స్పర్శరేఖల మధ్య కోణం. మూలబిందువులో (−4, 0), (0, −4). బిందులబ్ధం సున్నా, కోణం 90°. (4, 4) దగ్గర (−4, 8), (8, −4); బిందులబ్ధం −64, పొడవులు రెండూ √80, కాబట్టి cos θ = 64/80 = 4/5. అంటే tan 3/4, మీ జవాబే. ఇంత వద్దనుకుంటే "dx/dy = 0, స్పర్శరేఖ x = 0; రెండోదానికి y = 0" అన్న ఒక్క వాక్యం చాలు.

పాకాల పద్మ:
పాప పేపరు తీసి చూశాను. dx/dy రాయలేదు. "మొదటిదానికి Y-అక్షం, రెండోదానికి X-అక్షం స్పర్శరేఖలు" అని రాసి, కింద 90° వేసింది.

చంద్రగిరి లెక్కల సార్:
స్పర్శరేఖల పేర్లు రాసిందా? అది ముందే చెప్పి ఉండాల్సింది అమ్మా. అట్లయితే నేను మార్కు వేసేవాణ్ణి. అయితే శారదగారూ, మీ అభిలంబం అన్నిచోట్లా నిలబడదు. y² = x²(x + 1) కీ y = x రేఖకీ మూలబిందువులో కోణం చెప్పండి. అక్కడ మీ దిశ (0, 0) వస్తుంది.

తిరుచానూరు శారద:
నిజమే, అక్కడ పనిచేయదు. అది వేరే రకం బిందువు, గుర్తుపట్టడం కూడా తేలిక: అవకలనం చేసి విలువలు వేస్తే 0 = 4 లాంటిది రాదు, 0 = 0 వస్తుంది. 0 = 4 వస్తే నిలువు స్పర్శరేఖ. 0 = 0 వస్తే ఆగి వక్రాన్ని దగ్గరగా చూడాలి. ఇక్కడ y = ±x√(x + 1), వక్రం తనను తానే దాటుకుంటోంది, స్పర్శరేఖలు రెండు: y = x, y = −x. మీ రేఖతో ఒక శాఖకి కోణం 0, ఇంకో శాఖకి 90°.

పుత్తూరు బీయస్సీ:
మరి జవాబుగా ఏది రాయాలి మేడమ్?

తిరుచానూరు శారద:
శాఖ పేరుతో సహా రెండూ.

చంద్రగిరి లెక్కల సార్:
ఏ శాఖో ప్రశ్నలో చెప్పకుండా అట్లాంటిది ఇవ్వనే కూడదు. ఇస్తే రెండింటిలో ఏది రాసినా నేను పూర్తి మార్కు వేస్తాను, మీరు ఒప్పుకోకపోయినా సరే.