మూడుసార్లు మూడు రేట్లకు కొన్న చక్కెర: కిలో ఎంతకు పడ్డట్టు?

కనగల్_కిరాణం
అందరికీ నమస్తే. మాది నల్లగొండ దగ్గర కనగల్ వైపు చిన్న కిరాణం దుకాణం. పండుగల ముందు చక్కెర మూడుసార్లు కొన్నాను. మొదట ఊళ్లోకి వచ్చే సప్లయర్ దగ్గర ఒక బస్తా, కిలో 44 చొప్పున. తర్వాత నల్లగొండ టౌన్‌కు పోయి హోల్‌సేల్‌లో ఆరు బస్తాలు, కిలో 41 చొప్పున. మొన్న మళ్లీ అదే సప్లయర్ దగ్గర ఒక బస్తా, 45 చొప్పున. అన్నీ 50 కిలోల బస్తాలే.

మా తమ్ముడు మూడు రేట్లు కూడి మూడుతో భాగించి కిలో 43 రూపాయల 33 పైసలు పడింది అంటున్నాడు. నాకేమో 42 లోపే వస్తుంది. ఇప్పుడు 43కు అమ్ముతున్నాను. వాడి లెక్క నిజమైతే ప్రతి కిలోకు చేతినుంచి పోతున్నట్టే, అదే టెన్షన్. ఎవరిది సరైన లెక్క?

సూర్యాపేట_సెంటర్
మీ తమ్ముడిదే కరెక్ట్ అన్నా. 44, 41, 45 కలిపితే 130. మూడు రేట్లున్నాయి కాబట్టి మూడుతో భాగించాలి. సగటు అంటే అదే కదా. నేను పప్పులకు కూడా ఇట్లనే చూస్తాను, ఎప్పుడూ తేడా రాలేదు.

పాలమూరు_పద్దులు
మీరు పప్పులు ప్రతిసారీ ఒకే తూకం కొంటారేమో, అందుకే తేడా రాలేదు. ఇక్కడ ఒకసారి 50 కిలోలు, ఒకసారి 300, మళ్లీ 50. ఆరు బస్తాల రేటుకూ ఒక్క బస్తా రేటుకూ సమానంగా విలువ ఇస్తే లెక్క తప్పుతుంది. మొత్తం ఎంత డబ్బు ఇచ్చారో, మొత్తం ఎన్ని కిలోలు వచ్చాయో చూడండి తమ్ముడూ.

మొదటి బస్తాకు 2,200. ఆరు బస్తాలకు 12,300. చివరి బస్తాకు 2,250. మొత్తం 16,750 రూపాయలు ఇచ్చి 400 కిలోలు తెచ్చారు. భాగిస్తే కిలో 41 రూపాయల 87 పైసలు, ఇంకో అర పైసా. మీ లెక్కే సరైంది.

ఇంకో సంగతి. ఈ జవాబు 41కి దగ్గరగా ఉండాలని లెక్క వేయకముందే తెలుస్తుంది, ఎందుకంటే సరుకులో ముప్పావు వంతు ఆ రేటుకే వచ్చింది. 43 దాటిందంటే అక్కడే అనుమానం రావాలి.

జడ్చర్ల_చాయ్
43కు చక్కెరా? మా దగ్గర చిల్లరగా ఇంకా ఎక్కువే పెడుతున్నారు. మాకు రోజూ చాయ్‌కి కావాలి, బస్తా లెక్కన ఇస్తారా? కనగల్ నుంచి ఇటు ఎవరైనా వస్తారా?

కనగల్_కిరాణం
అన్నా, అంత దూరం నాకు గిట్టదు. అక్కా, చాలా థాంక్స్. అంటే 43కు అమ్మితే కిలోకు రూపాయి పైన మిగులుతుందన్నమాట.

పాలమూరు_పద్దులు
అప్పుడే అట్ల అనుకోకండి. మీరు చెప్పినవి బిల్లు మీది రేట్లు. సరుకు మీ దుకాణంలో దిగేవరకు ఎంత పడిందో చెప్పండి. సప్లయర్ బండి మీ దగ్గరికే వచ్చి దించుతుందేమో, నల్లగొండ సరుకు మాత్రం మీరే తెచ్చుకున్నారు కదా? ఆటో, హమాలీ ఎంత? జీఎస్టీ కలిపిన రేటా, కలపనిదా?

కనగల్_కిరాణం
రేట్లన్నీ జీఎస్టీతో కలిపినవే. నేను కాంపోజిషన్‌లో ఉన్నాను. సప్లయర్‌కు దింపుడు కూలీ ఏమీ ఇవ్వను. నల్లగొండ నుంచి ట్రాలీ ఆటోకు 600 ఇచ్చాను, కానీ అందులో చక్కెర 300 కిలోలతో పాటు పప్పు, రవ్వ కలిపి ఇంకో 200 కిలోలు వచ్చాయి. హమాలీ బస్తాకు 10.

పాలమూరు_పద్దులు
కాంపోజిషన్ అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను మీకు తిరిగి రాదు, కాబట్టి చక్కెర మీది 5 శాతం ఖర్చులోనే ఉండాలి. మీరు కలిపే చెప్పారు, మంచిది. రెగ్యులర్‌గా రిటర్నులు వేసి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునేవాళ్లు మాత్రం పన్ను తీసేసిన రేటుతో ఇదే లెక్క వేసుకోవాలి.

ఆటో 600ను బరువును బట్టి పంచండి. 500 కిలోల్లో 300 చక్కెర కాబట్టి 360 రూపాయలు దాని వాటా. హమాలీ ఆరు బస్తాలకు 60. అంటే నల్లగొండ సరుకు మీద ఇంకో 420 పడింది. 41 అనుకున్నది నిజానికి 42 రూపాయల 40 పైసలు. మొత్తం ఖర్చు 17,170, దాన్ని 400తో భాగిస్తే 42 రూపాయల 92 పైసల చిల్లర. టౌన్‌లో మూడు, నాలుగు రూపాయలు తక్కువ అనిపించిన రేటులో రూపాయిన్నర దాకా దారిలోనే పోయింది.

సూర్యాపేట_సెంటర్
చూశారా, మెల్లగా 43 దగ్గరికే వస్తున్నారు. నేను చెప్పింది ఇంచుమించు అదే కదా.

పాలమూరు_పద్దులు
అంకె దగ్గరికి రావడం యాదృచ్ఛికం తమ్ముడూ. ఒకటి చేసి చూడండి. ఇవే మూడు రేట్లు ఉంచి, 41కి ఒక్క బస్తానే కొని, 45కు ఆరు బస్తాలు కొన్నారనుకోండి. మీ పద్ధతిలో మళ్లీ 43 రూపాయల 33 పైసలే వస్తుంది. కానీ ఇచ్చింది 17,750, తెచ్చింది 400 కిలోలు, కిలోకు 44 రూపాయల 37 పైసలు. ఆటో ఖర్చు కూడా వేయకుండానే. ఎంత కొన్నారో మారినా జవాబు మారకపోతే ఆ లెక్కలో తూకం లేనట్టే.

మిర్యాలగూడ_బెల్లం
నాది కొంచెం వేరే. నేను తూకం చూడను, ప్రతిసారీ 4,000 రూపాయల బెల్లం తెస్తాను. ఒకసారి 40 చొప్పున, ఇంకోసారి 50 చొప్పున పడింది. రెండుసార్లూ సమానంగా పెట్టాను కాబట్టి సగటు 45 అనుకోవచ్చా?

పాలమూరు_పద్దులు
డబ్బు సమానం, తూకం సమానం కాదు. 40కి 100 కిలోలు వచ్చాయి, 50కి 80 కిలోలే. 8,000కు 180 కిలోలు, అంటే 44 రూపాయల 44 పైసలు. ఒకే మొత్తం పెట్టి కొంటే చవకగా ఉన్నప్పుడు ఎక్కువ సరుకు వస్తుంది, అందుకే సగటు 45 కంటే కిందనే ఉంటుంది.

హాలియా_పాతకాపు
ఇంతమంది లెక్కలు చెప్పారు గానీ ఒకటి ఎవరూ అడగలేదు. తమ్మీ, నల్లగొండ సరుకు వచ్చేనాటికి పాత బస్తాలో ఎంత మిగిలింది? చివరి బస్తా దిగేనాటికి దుకాణంలో ఎంత ఉంది? అమ్ముడుపోయిన చక్కెరను ఇవ్వాళటి సగటులో కలిపితే ఏం లాభం? ఇప్పుడు కాటా మీద పెట్టేది ఏ సరుకో దాని ధర కావాలి.

కనగల్_కిరాణం
నల్లగొండ సరుకు దిగేనాటికి పాత బస్తాలో 20 కిలోలుంది పెద్దనాన్నా. చివరి బస్తా వచ్చిన రోజు నాలుగు బస్తాలు నిండుగా ఉన్నాయి, అంటే 200 కిలోలు. అన్నీ కలిపే పెట్టాను, ఏది పాతదో ఏది కొత్తదో చూడలేదు.

హాలియా_పాతకాపు
అయితే సరుకు వచ్చినప్పుడల్లా సగటు కొత్తగా వేసుకోవాలి. మిగిలిన 20 కిలోలు 44 చొప్పున 880. కొత్తది ఆటో, హమాలీతో 12,720. కలిపితే 13,600, సరుకు 320 కిలోలు. కిలో సరిగ్గా 42 రూపాయల 50 పైసలు. అక్కడి నుంచి చివరి బస్తా దాకా అమ్మిన 120 కిలోలకు అదే నీ కొన్న ధర.

ఇక మిగిలిన 200 కిలోలు 42.50 చొప్పున 8,500. దానికి 2,250 కలిపితే 10,750. సరుకు 250 కిలోలు. కిలో 43 రూపాయలు. పైసా అటూ ఇటూ కాదు. ఇప్పుడు నువ్వు 43కు అమ్ముతున్నావు. నష్టం లేదు, మిగిలేదీ లేదు.

మా ఇంట్లో పాత పద్దు పుస్తకంలో సరుకు దిగిన ప్రతిసారీ మూడే రాసేవాళ్లు: మిగిలినది ఎంత, దాని విలువ ఎంత, కొత్త ధర ఎంత. మూడు బిల్లులు చివర్లో ఒకేసారి కూడితే వచ్చే 42.92 గడిచిన కాలం మొత్తానికి సంబంధించినది, ఇవ్వాళటి సరుకుది కాదు.

పాలమూరు_పద్దులు
పెద్దాయన చెప్పింది సరైంది. నేను 400 కిలోలూ దుకాణంలోనే ఉన్నట్టు లెక్క వేశాను. చేతిలో ఉన్న సరుకుకు 43యే తీసుకోండి.

కనగల్_కిరాణం
ఇది నాకు బాగా పనికొచ్చింది. సగం సరుకు హోటల్‌కు బస్తాలుగా పోతుంది, సగం కిలో, అరకిలో కవర్లలో. రెండింటికీ 43 అనే పట్టుకోవాలా?

హాలియా_పాతకాపు
కట్టిన బస్తా కట్టినట్టే పోతే 43. విప్పి కవర్లు కడితే కాదు. కాటా సరిగ్గా ఆగదని కిలో కవర్‌కు పది గ్రాములు ఎక్కువ వేస్తాం, 50 కవర్లకు అరకిలో పోయినట్టే. హమాలీలు కొక్కెం వేసి లాగిన బస్తాకు చిల్లి పడి రాలేది వేరే, వానాకాలం అడుగున గడ్డకట్టేది వేరే. ఒక్క బస్తా కాటా పెట్టి చూసి, విప్పి కట్టాక ఎన్ని కిలోల డబ్బు గల్లాలో పడిందో చూడు. తరుగు వంద కిలోలకు ఒక కిలో ఉందనుకుంటే 43 కాస్తా 43 రూపాయల 43 పైసలు అవుతుంది. కవర్ల ఖర్చు ఇంకా వేయలేదు.

సూర్యాపేట_సెంటర్
సరే, లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ రేటు పెట్టేటప్పుడు నేను సగటు చూడను. ఈ చక్కెర అయిపోతే మళ్లీ 45కే కదా కొనాలి? 44కు అమ్మి వచ్చిన డబ్బుతో అంతే సరుకు తిరిగి రాదు. రేపటి రేటు చూసే అమ్మాలి.

పాలమూరు_పద్దులు
రేపటి రేటు చూడటంలో తప్పు లేదు. కానీ ఎంత మిగిలిందో తెలియాలంటే కొన్న ధరే పట్టుకోవాలి. ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు.

హాలియా_పాతకాపు
పక్క దుకాణం వాడు 43కే ఇస్తుంటే నువ్వు 46 చెప్పి ఏం చేస్తావు? చక్కెర కోసం వచ్చినవాడే పప్పు, నూనె కూడా తీసుకుపోతాడు. మా దగ్గర చక్కెర మీద ఎప్పుడూ పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

సూర్యాపేట_సెంటర్
అట్లయితే ఊరికే అమ్మినట్టే పెద్దనాన్నా. నేను దానికి ఒప్పుకోను.

కనగల్_కిరాణం
హోటల్‌కు బస్తా 2,200 చేస్తాను, అంటే కిలో 44. కవర్లలో 45 పెట్టి చూస్తాను. రేపు ఒక బస్తా కాటా పెట్టి విప్పి తరుగు ఎంతో ఇక్కడే రాస్తాను. తమ్ముడికి ఇదంతా చూపించాను, వాడు ఆటో వాటా 360 ఎట్ల వచ్చిందో మళ్లీ వేస్తున్నాడు.

మిర్యాలగూడ_బెల్లం
అక్కా, బెల్లానికి ఎండాకాలం తూకం తగ్గుతుంది. కొన్నప్పటి 180 కిలోలతోనే భాగించాలా, అమ్మేనాటి తూకంతోనా?