ర్యాంక్ 27 అంటోంది, పర్సంటైల్ 78 అంటోంది: దేన్ని చూసి అమ్మాలి?

తణుకు కుర్రాడు
నిఫ్టీ ఆప్షన్లు అమ్ముతుంటాను. ఇవాళ ఐవీ, అంటే ఆప్షన్ ధరల్లో కనిపించే కదలిక అంచనా, 15. ఏడాదిలో కనిష్ఠం 10.5, గరిష్ఠం 27. ఒక యాప్‌లో ఐవీ ర్యాంక్ 27 చూపిస్తోంది, ఇంకో సైట్‌లో ఐవీ పర్సంటైల్ 78 ఉంది. ఒకటేమో చవక అంటోంది, ఇంకోటి ఖరీదు అంటోంది. ప్రీమియం బాగున్నట్టా, కాదా?

గోదారి గట్టు
పర్సంటైల్ చూడండి, ర్యాంక్ పక్కన పడేయండి. ఐవీ గరిష్ఠం 27 అనేది ఏడాదిలో ఒక్క రోజు వచ్చిన అంకె. ఆ ఒక్క రోజుతో మిగతా అన్ని రోజులనూ కొలుస్తోంది మీ యాప్:

```
(15 - 10.5) / (27 - 10.5) * 100 = 27
```

మన ధవళేశ్వరం దగ్గర 1986 వరద గీత ముందు పెట్టుకుని చూస్తే ఆ తర్వాత వచ్చిన ప్రతి వరదా చిన్నదిగానే కనిపిస్తుంది. అలాగని లంక గ్రామాలు మునగకుండా ఉన్నాయా? పర్సంటైల్‌కి ఆ తికమక లేదు. ఏడాదిలో ఉన్న 248 ట్రేడింగ్ రోజుల్లో దాదాపు 193 రోజులు ఐవీ 15 కంటే కిందే ఉందని చెబుతోంది. అంటే ఇవాళ ధర బాగుంది, అమ్మొచ్చు.

ఉండి చెరువులు
ఆయ్, నాకు తెలిసి 78 అంటే 78 శాతం మనమే గెలుస్తామని కదండీ? నేనైతే 80 దాటితే చాలు, పైన దూరంగా ఒక కాల్, కింద దూరంగా ఒక పుట్, రెండు వైపులా స్ట్రాంగిల్ అమ్మేస్తాను. ఈ మధ్య రొయ్య కౌంట్ రేటు పడిపోయింది, చెరువు మీద వచ్చేది మేతకీ కరెంటు బిల్లుకీ సరిపోవట్లేదు. కాస్త ఇందులో లాగుదామని.

కాకినాడ పోర్ట్
ఉండి గారూ, దానికీ గెలుపు అవకాశానికీ సంబంధం లేదండి. అది గడిచిన రోజుల లెక్క. మీరు అమ్మిన స్ట్రైక్ దాకా నిఫ్టీ వస్తుందా లేదా అన్నది దాంట్లో ఉండదు.

గట్టు గారితో నాకు పేచీ ఉంది. ఒక్క రోజే కదా అని గరిష్ఠం 27ని తీసేస్తున్నారు. అమ్మినవాణ్ణి ముంచేది ఆ ఒక్క రోజే. ఇక్కడి నుంచి కిందకి నాలుగున్నర పాయింట్లు, పైకి పన్నెండు పాయింట్లు ఉందని ర్యాంక్ చెబుతోంది. పర్సంటైల్‌కి దూరం తెలియదు. ఐవీ ఏడాదంతా 11 నుంచి 13 మధ్య కదిలి ఇవాళ 13కి వస్తే, పర్సంటైల్ 95 దాటి మెరిసిపోతుంది. పెరిగిందేమో మహా అయితే రెండు పాయింట్లు. దాన్ని చూసి ఖరీదు అంటారా?

గోదారి గట్టు
ఆ ఏడాది మీ ర్యాంక్ కూడా 100 చూపిస్తుంది కదా? అప్పుడు అదేం కాపాడింది?

అమలాపురం మాస్టారు
ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ముందు ర్యాంక్ సంగతి. మీరు ఇచ్చిన అంకెలే తీసుకుందాం. ఆ గరిష్ఠం 27 వచ్చిన రోజుకి ఏడాది నిండి లెక్కలోంచి జారిపోయిందనుకోండి, తర్వాతి గరిష్ఠం 19 అనుకోండి. ఐవీ 15 దగ్గరే కదలకుండా ఉన్నా ర్యాంక్ రాత్రికి రాత్రి 27 నుంచి 53కి ఎగురుతుంది. పర్సంటైల్ అరశాతం కూడా కదలదు. ర్యాంక్ ఉన్నట్టుండి పెరిగితే ముందు ఐవీ మారిందా, క్యాలెండర్ మారిందా అని చూసుకోండి. ఇంకోటి, కొన్ని సైట్లు ముగింపు అంకె తీసుకుంటాయి, కొన్ని ఆ రోజు పగలు తాకిన గరిష్ఠం తీసుకుంటాయి. 2024 జూన్ 4న, ఓట్ల లెక్కింపు రోజు, నిఫ్టీ ఆప్షన్ల ఐవీ సూచీ ఇండియా విక్స్ పగలు 31 దాటింది, ముగిసింది 27 లోపే. ఏది పెట్టుకుంటే ర్యాంక్ దాన్ని బట్టి మారుతుంది.

అసలు సంగతి వేరే ఉంది. రెండూ ఐవీని దాని పాత ఐవీతోనే పోలుస్తున్నాయి. అమ్మేవాడికి కావలసింది మార్కెట్ నిజంగా ఎంత కదులుతోందన్నది. నిఫ్టీ 25,000 దగ్గర ఉందనీ, వారం ఆప్షన్ ఐవీ 15 అనీ అనుకుందాం. ఏడు రోజుల ఏటీఎం స్ట్రాడిల్, అంటే 25,000 కాల్, పుట్ రెండూ కలిపి, సుమారు 415 పాయింట్లకి దొరుకుతుంది. ఇప్పుడు గత కొన్ని వారాల్లో నిఫ్టీ వారానికి ఎన్ని పాయింట్లు కదిలిందో, పైకైనా కిందకైనా, రాసుకుని సగటు తీయండి. 250 వస్తే 415కి అమ్మడంలో మీకు మిగులు ఉంది. 440 వస్తే పర్సంటైల్ 78 ఉన్నా, 98 ఉన్నా, మీరు నష్టానికి అమ్ముతున్నట్టే. అప్పుడు ఐవీ పెరిగింది ఊరికే కాదు, మార్కెట్ ఊగుతోంది కాబట్టి.

మీరు చూసే 15 ఇండియా విక్స్‌దా, వారం ఆప్షన్‌దా అన్నది కూడా చూసుకోండి. విక్స్ రాబోయే 30 రోజుల అంచనా. దాని పర్సంటైల్ చూసి వారం స్ట్రాడిల్ అమ్మితే కొలిచింది ఒకటి, అమ్మింది ఇంకోటి.

తణుకు కుర్రాడు
విక్స్‌దే మాస్టారూ. అయితే వారం స్ట్రాడిల్ ధర విడిగా రాసుకోవాలన్నమాట. ఎన్ని వారాల సగటు తీయాలి?

అమలాపురం మాస్టారు
నేను ఎనిమిది నుంచి పన్నెండు వారాలు చూస్తాను. తక్కువైతే ఒక్క వారం లెక్కంతా పాడు చేస్తుంది, ఎక్కువైతే ఇప్పటి మార్కెట్ కాకుండా ఎప్పటిదో కనిపిస్తుంది. దీనికి ఖాయమైన అంకె లేదు. స్టాక్ ఆప్షన్లయితే త్రైమాసిక ఫలితాల వారాన్ని వేరుగా పెట్టండి. ఫలితాల ముందు ఐవీ పెరగడం మామూలే, మర్నాడు దిగిపోతుంది. దాన్ని మామూలు వారాల సగటుతో పోల్చి ఖరీదు అనకూడదు.

కాకినాడ పోర్ట్
మాస్టారూ, మరి 2024 మే నెల సంగతేంటి? ఏప్రిల్ చివర్లో 10-12 దగ్గరున్న విక్స్ మే నెలాఖరుకి 24 దాటింది. 15 దగ్గర ఉన్నప్పుడే ర్యాంక్, పర్సంటైల్ రెండూ ఎత్తులోనే ఉన్నాయి. నిఫ్టీ కదలికతో పోల్చినా ప్రీమియం ఖరీదే అని తేలేది. 15కి అమ్మినవాడు నెలంతా మార్క్ టు మార్కెట్ నష్టం చూస్తూ కూర్చున్నాడు. జూన్ 4న నిఫ్టీ ఒక్క రోజే దాదాపు 6 శాతం పడింది. మీ సగటు దాన్ని ముందే చూపించిందా?

అమలాపురం మాస్టారు
చూపించలేదు. తేదీ ముందే తెలిసిన సంఘటన ఉంటే గత వారాల కదలిక ఆ రోజుకి పనికిరాదు. అందరికీ తెలుసు కాబట్టే ఐవీ పెరుగుతుంది. అలాంటప్పుడు స్ట్రాడిల్ అమ్మడం కాదు, స్ట్రాంగిల్ అమ్మి, నష్టానికి హద్దుగా ఇంకా దూరపు కాల్, పుట్ రెక్కలుగా కొనుక్కుని ఐరన్ కాండర్ వేయండి, లేదా ఆ తేదీ దాటేదాకా ఆగండి. మామూలు వారాల్లో ఈ పోలికే పనిచేస్తుంది.

ఉండి చెరువులు
రెక్కలు కొంటే మిగిలే ప్రీమియం సగమే కదండీ. అంతదానికి ఎందుకు అమ్మడం?

కాకినాడ పోర్ట్
ఆ సగం మీకు మిగలాలంటే ఆ మిగతా సగం ఖర్చు పెట్టాల్సిందే ఉండి గారూ. నేను మాత్రం ర్యాంక్ వదలను. అమ్మాలా వద్దా అన్నదానికి కాదు, ఎన్ని లాట్లు అన్నదానికి. ర్యాంక్ 27లో ఉంటే ఐవీ ఇంకా పెరగడానికి చోటుంది, కాబట్టి సగం లాట్లే వేస్తాను.

గోదారి గట్టు
ఆ గరిష్ఠం 27 జారిపోయి ర్యాంక్ 53కి ఎగిరిన రోజు మీరు లాట్లు పెంచేస్తారా మరి?

కాకినాడ పోర్ట్
లేదు. నా షీట్‌లో మూడేళ్ల గరిష్ఠం పెట్టుకున్నాను. మీరు మూడేళ్ల పర్సంటైల్ చూసి చెప్పండి, 78 ఎంత అవుతుందో.