580కి 580, సబ్జెక్టుల మార్కులూ సమానం: నీట్‌లో ర్యాంకు ఎందుకు తేడా?

సుజాత_నల్గొండ
మా తమ్ముడికి నీట్‌లో 580, వాడి క్లాస్‌మేట్‌కీ 580. కీతో సరిచూస్తే బయాలజీ 320, కెమిస్ట్రీ 140, ఫిజిక్స్ 120 ఇద్దరికీ ఒక్కటే. అయినా ఆ అబ్బాయి ర్యాంకు ముందుంది. ఇదేం న్యాయం?

రమణ_ఒంగోలు
వయసమ్మా. పెద్దవాడికి ముందు ర్యాంకు ఇస్తారు. 2020లో షోయబ్ ఆఫ్తాబ్, ఆకాంక్ష సింగ్ ఇద్దరికీ 720కి 720 వచ్చాయి. షోయబ్ వయసులో పెద్ద కాబట్టి మొదటి ర్యాంకు అతనికి, రెండోది ఆమెకు. ఆ అబ్బాయి పుట్టిన తేదీ కనుక్కోండి, తేలిపోతుంది.

వెంకట్రావు_ఫిజిక్స్
రమణ గారు చెప్పిన 2020 సంగతి నిజమే. కానీ ఆ మరుసటి ఏడాదే వయసు నిబంధన తీసేశారు. అందుకే 2021లో మన హైదరాబాద్ అబ్బాయి మృణాల్ కుట్టేరి, తన్మయ్ గుప్తా, కార్తికా నాయర్ ముగ్గురూ మొదటి ర్యాంకు పంచుకున్నారు. 2025 బులెటిన్‌లోనూ వయసు లేదు.

సుజాత గారూ, ముందు బయాలజీ మార్కులు చూస్తారు, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత ఫిజిక్స్. మూడూ సమానమైతే మొత్తం పేపర్లో తప్పు జవాబులకూ ఒప్పు జవాబులకూ ఉన్న నిష్పత్తి చూస్తారు. అది తక్కువ ఉన్నవారు ముందు. అదీ సమానమైతే అదే నిష్పత్తిని మళ్లీ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ వరుసలో చూస్తారు. మీ తమ్ముడి విషయం నిష్పత్తి దగ్గరే తేలి ఉంటుంది. ఇద్దరి ఓఎమ్ఆర్ కాపీలు, ఫైనల్ కీ పక్కపక్కన పెట్టుకుని ఒప్పులెన్నో తప్పులెన్నో లెక్కపెట్టి ఇక్కడ రాయండి.

కిరణ్_కేపీహెచ్‌బీ
నార్మలైజేషన్ వల్ల అయ్యుంటుంది. ఎంసెట్‌లో మా షిఫ్ట్‌ది పేపర్ కష్టం.

వెంకట్రావు_ఫిజిక్స్
నీట్ పేపర్-పెన్ పరీక్ష కిరణ్, అందరికీ ఒకే రోజు ఒకే పూట. షిఫ్టులు లేవు.

సుజాత_నల్గొండ
లెక్కపెట్టాం సార్. బయాలజీలో ఇద్దరికీ 82 ఒప్పులు, 8 తప్పులు. కెమిస్ట్రీలో ఇద్దరికీ 36 ఒప్పులు, 4 తప్పులు. ఫిజిక్స్‌లోనే తేడా. మావాడు 40 రాస్తే 32 ఒప్పు, 8 తప్పు. ఆ అబ్బాయి 30 రాశాడు, 30కి 30 ఒప్పే, మిగతా 15 ఖాళీ.

వెంకట్రావు_ఫిజిక్స్
దొరికింది. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1 కాబట్టి 32 ఒప్పులకు 128 వచ్చి 8 పోతే 120. ఆ అబ్బాయికి 30 ఒప్పులకు 120. మొత్తం మీద మీ తమ్ముడికి 150 ఒప్పులు, 20 తప్పులు. నిష్పత్తి 0.133. ఆ అబ్బాయికి 148 ఒప్పులు, 12 తప్పులు. నిష్పత్తి 0.081. అందుకే అతను ముందు. 580 దగ్గర వందల మంది ఉంటారు కాబట్టి ఇదొక్కటే ర్యాంకును బాగా కిందికి తోయగలదు.

శ్రీకాంత్_వరంగల్
అంటే ఎక్కువ ప్రశ్నలకు సరైన జవాబు రాసినవాడు వెనక్కి పోయాడా? 150 తెలిసినవాడి కంటే 148 తెలిసినవాడు గొప్పా? తప్పులకు మైనస్ మార్కులు ఒకసారి కోసేశారు కదా. టై దగ్గర అదే తప్పుకు రెండోసారి శిక్ష ఎందుకు?

జేఈఈ అడ్వాన్స్‌డ్ చూడండి. మొత్తం సమానమైతే పాజిటివ్ మార్కులు ఎక్కువ ఉన్నవాళ్లు ముందు. తర్వాత మ్యాథ్స్, తర్వాత ఫిజిక్స్. అప్పటికీ తేలకపోతే ఇద్దరికీ ఒకే ర్యాంకు. అక్కడ ఈ తమ్ముడే ముందుండేవాడు.

లలిత_గుంటూరు
150 తెలుసని మీకెవరు చెప్పారండీ? ఆ అబ్బాయిలాగే 30 తెలిసి, ఇంకో 10 గుడ్డిగా దిద్ది ఉండొచ్చు. నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి దిద్దితే 10లో రెండో మూడో తగులుతాయి. రెండు తగిలితే 8 ప్లస్, 8 మైనస్, మొత్తం సున్నా. ఇక్కడ అచ్చంగా అదే కనిపిస్తోంది.

మా అమ్మాయి తెలియనివి ఖాళీగా వదిలేసింది. రెండు మార్కుల తేడాతో సీటు పోయింది. పక్క బెంచీ అమ్మాయి చివరి పది నిమిషాల్లో మిగిలినవన్నీ దిద్దేసిందని తనే చెప్పింది. సీటు ఆమెకొచ్చింది. కనీసం టై దగ్గరైనా నిజాయితీకి విలువ ఉండాలి.

శ్రీకాంత్_వరంగల్
మేడం, మీ అమ్మాయిది టై కాదు, రెండు మార్కుల తేడా. దానికీ ఈ నిబంధనకూ సంబంధం లేదు. పైగా ప్రతి తప్పూ గుడ్డిదెబ్బ కాదు. నేను రాసిన ఏడాది లెక్క సరిగ్గానే చేసి పక్క బబుల్ దిద్దాను. ఒకటి జరిగితే తర్వాతి నాలుగూ జరిగాయి. ఆ ఐదింటినీ మీరు గుడ్డిగా రాసినవి అంటారా?

లలిత_గుంటూరు
బబుల్ చూసుకోకపోవడం కూడా తప్పే. మందు డోసు పక్క గడిలో రాస్తే పేషెంటు ఊరుకుంటాడా? నేను ఇరవై ఏళ్లుగా వార్డులో పనిచేస్తున్నాను. తెలియకపోతే ఆగి సీనియర్‌ని అడిగేవాళ్లు కావాలి మాకు. తోచింది రాసేవాళ్లు కాదు.

శ్రీకాంత్_వరంగల్
పదిహేడేళ్ల పిల్లాడి ఓఎమ్ఆర్ చూసి వాడెలాంటి డాక్టర్ అవుతాడో చెప్పేస్తున్నారా? దారుణం మేడం. సుజాత గారి తమ్ముడు ఇది చదివితే ఏమనుకుంటాడు?

రమణ_ఒంగోలు
ఇద్దరూ ఆగండి. నాకు ఒక నియామక పరీక్షలో ఇలాగే అయింది. మార్కులు సమానం, అవతలి వ్యక్తి నాకంటే నాలుగు నెలలు పెద్ద, ఉద్యోగం అతనికి. బాధపడ్డాను కానీ ఒప్పుకున్నాను. అతనికి వయోపరిమితి దగ్గరపడింది, నాకు ఇంకా టైముంది. వయసులో ఆ అర్థమైనా ఉంది. ఈ నిష్పత్తుల్లో ఏముంది?

వెంకట్రావు_ఫిజిక్స్
రమణ గారూ, ఉద్యోగ పరీక్షకు మీ మాట సరిపోతుంది. నీట్‌కు పై వయోపరిమితి లేదు. అక్కడ పెద్దవాడంటే తరచుగా లాంగ్‌టర్మ్‌లో ఇంకో ఏడాది చదివినవాడు. అతనికి అదనంగా ఇవ్వడానికి కారణం కనబడదు.

శ్రీకాంత్, లలిత గారూ, మీ ఇద్దరి గొడవా ఒక్కచోటే ఉంది. 4, మైనస్ 1 పద్ధతిలో మార్కులు సమానంగా ఉండగా ఒకరికి ఒక ఒప్పు ఎక్కువుంటే నాలుగు తప్పులూ ఎక్కువుండి తీరాలి. కాబట్టి ఒప్పులు చూసినా తప్పులు చూసినా అవే రెండు పేపర్లు, ఎటు నుంచి చూస్తే అటువైపువాడు గెలుస్తాడు. అడ్వాన్స్‌డ్ ఒకవైపు నుంచి చూసింది, నీట్ రెండోవైపు నుంచి. తెలిసి తప్పాడా, గుడ్డిగా దిద్దాడా అన్నది ఓఎమ్ఆర్ చెప్పదు. పైగా గుడ్డిగా దిద్దినా సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే. పరీక్షే ఆ పావు మార్కు ఇస్తూ, టై దగ్గర మాత్రం దిద్దినవాణ్ని వెనక్కి నెడుతోంది. నాకు నచ్చనిది అదీ.

శ్రీకాంత్_వరంగల్
అయితే నిష్పత్తి తీసేసి ఇద్దరికీ ఒకే ర్యాంకు ఇవ్వాలి.

వెంకట్రావు_ఫిజిక్స్
ఒకే ర్యాంకు ఇస్తే చివరి సీటు దగ్గర ఎవర్ని పిలవాలి? ఈ మెట్లన్నీ అయ్యాక కూడా తేలనివాళ్ల కోసం 2025 బులెటిన్‌లో నిపుణుల కమిటీ పర్యవేక్షణలో యాదృచ్ఛికంగా తేల్చే పద్ధతి పెట్టారు. నిష్పత్తి తీసేస్తే ఇప్పుడు నిష్పత్తితో తేలే టైలు కూడా అక్కడికే పోతాయి.

రమణ_ఒంగోలు
డ్రాలో సీటు పోగొట్టుకోవడం కంటే పుట్టినతేదీతో పోగొట్టుకోవడం నయం. కనీసం అది ముందే తెలుస్తుంది.

సుజాత_నల్గొండ
సార్, రాష్ట్ర కౌన్సెలింగ్‌లో కాళోజీ యూనివర్సిటీ ఈ టైని మళ్లీ చూస్తుందా?

వెంకట్రావు_ఫిజిక్స్
చూడదమ్మా. స్టేట్ మెరిట్ లిస్టు నీట్ ర్యాంకు వరుసలోనే వస్తుంది. ఆ అబ్బాయి పేరు మీ తమ్ముడి కంటే పైనే ఉంటుంది. వెబ్ ఆప్షన్లలో ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే కేటగిరీ కోరి, ఒక్క సీటే మిగిలినప్పుడే అది మీకు అడ్డం. కాలేజీల వరుస పెట్టేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోండి.

లలిత_గుంటూరు
సుజాతా, మీ తమ్ముణ్ని ఉద్దేశించి అనలేదు. కానీ నా మాట మాత్రం మార్చుకోను. తెలియనిది వదిలేసిన పిల్లాడికి ఆ ముందు ర్యాంకు దక్కాల్సిందే.

శ్రీకాంత్_వరంగల్
32 ఒప్పులు రాసినవాడికే దక్కాలి.