పట్టిక ఒక్క ఏ4 కాగితంపై రావడం లేదు, వచ్చినా చదవలేకపోతున్నాం

దామలచెరువు గుమాస్తా:
నమస్కారం. మా మామిడి మండీలో తోతాపురి తోలిన రైతులకు ప్రతి శనివారం డబ్బు చెల్లిస్తాం. ఎక్సెల్‌లో 22 మంది పేర్లతో పట్టిక ఉంది. వరుస సంఖ్య, పేరు, ఊరు, బరువు, రేటు, మొత్తం, వివరం, సంతకం, అన్నీ కలిపి ఎనిమిది కాలమ్‌లు. ప్రింటు తీస్తే సంతకం కాలమ్ ఒక్కటే రెండో కాగితంపైకి వెళ్తోంది. రైతు ఒక కాగితం చూసి మరొక కాగితంపై సంతకం పెట్టాల్సి వస్తోంది. పోయిన వారం ఒకరి సంతకం పక్క రైతు వరుసలో పడింది. దాన్ని సరిదిద్దేసరికి సాయంత్రమైంది. దయచేసి దారి చెప్పండి. కాగితాన్ని ఫైలులో కుడతాం కాబట్టి నిలువుగానే ఉండాలి.

చిత్తూరు మాస్టారు:
ఇది చిన్న పనే అమ్మా. Ctrl+P నొక్కు. కింద No Scaling అని ఉంటుంది, దాన్ని Fit Sheet on One Page చేయి. అంతా ఒకే కాగితంపైకి వస్తుంది. మా బడి మార్కుల పట్టికలన్నీ ఇలాగే తీస్తాను.

దామలచెరువు గుమాస్తా:
చేశాను మాస్టారూ. ఒకే కాగితంపైకి వచ్చింది, కానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవాళ్లు తమ పేరు ఎక్కడుందో కనుక్కోలేకపోయారు. కాగితం కింద సగం ఖాళీగానే మిగిలింది.

తిరుపతి డీటీపీ:
మాస్టారు చెప్పింది తప్పు కాదు, కానీ అది చివర చేయాల్సిన పని. ముందే చేస్తే ఎక్సెల్ మొత్తం పట్టికను వెడల్పు పట్టేదాకా కుదించేస్తుంది. కింద సగం ఖాళీ మిగిలిందంటే ఇబ్బంది ఎత్తుతో కాదు, వెడల్పుతోనే. Page Setup తెరిచి Adjust to పక్కన ఎంత శాతం ఉందో చూసి చెప్పండి. వివరం కాలమ్‌లో ఏం రాస్తున్నారో కూడా చెప్పండి.

దామలచెరువు గుమాస్తా:
58 అని ఉంది అన్నా. వివరంలో "రెండు ట్రాక్టర్లు, ఒకటి తడి కాయ, తరుగు తీసివేసిన తర్వాత" లాంటివి రాస్తాం. మాటలు కనబడాలని ఆ కాలమ్ గీత మీద రెండుసార్లు నొక్కాను.

తిరుపతి డీటీపీ:
దొరికింది. గీత మీద రెండుసార్లు నొక్కితే ఆ కాలమ్‌లోని అతి పొడవైన వాక్యం ఒకే వరుసలో పట్టేంతగా అది విస్తరిస్తుంది. ఒక్క రైతు కోసం కాలమ్ మొత్తం సాగింది. 10 పాయింట్ల అక్షరం 58 శాతానికి తగ్గితే 5.8 పాయింట్లు. మందుల డబ్బాలో మడిచిపెట్టే కాగితం మీది అక్షరాలు గుర్తుకొస్తాయి.

పనిని కాగితం నుంచి మొదలుపెట్టండి. Page Layout లో పరిమాణం A4, నిలువు, Margins లో Narrow ఎంచుకోండి. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు, ఇరుపక్కలా 0.64 చొప్పున పోతే మీ చేతిలో 19.7 ఉంటుంది. ఇప్పుడు View లో Page Layout నొక్కండి. ఆ చూపులో కాలమ్ వెడల్పును అంగుళాల్లో గానీ సెంటీమీటర్లలో గానీ ఇవ్వవచ్చు. మామూలు చూపులో కనిపించే 8.43 అక్షరాల లెక్క, దానితో కాగితం కొలవలేం.

నేనైతే ఇలా పంచుతాను: సంఖ్యకు 1, పేరుకు 4.2, ఊరికి 3, బరువుకు 1.8, రేటుకు 1.5, మొత్తానికి 2.3, వివరానికి 3, సంతకానికి 2.7. కూడితే 19.5. ఇది పట్టాకే పేరు, ఊరు, వివరం కాలమ్‌లు ఎంచుకుని Wrap Text నొక్కండి. అంకెల కాలమ్‌లకు అది పనికిరాదు. అంకె రెండో వరుసకు దిగదు, చోటు చాలకపోతే #### అని చూపిస్తుంది. అక్కడ వెడల్పే పెంచాలి.

తెలుగులో మరో చిక్కు ఉంది. కాలమ్ మరీ ఇరుకైతే "బంగారుపాళెం" మధ్యలో విరిగి "పాళెం" ఒక్కటే కిందికి దిగుతుంది. అందుకే మీ పట్టికలోని అతి పొడవైన ఒక్క మాట విరగకుండా నిలిచేదాకా ఊరు కాలమ్ ఉండాలి. దానికన్నా వెడల్పు అక్కర్లేదు.

పుత్తూరు అక్క:
నాదీ ఇదే బాధ. నేను ఫోన్‌లో గూగుల్ షీట్స్‌తో పొదుపు సంఘం లెక్క రాస్తాను. సెంటీమీటర్లు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

తిరుపతి డీటీపీ:
అక్కా, అందులో కాలమ్ కొలత పిక్సెళ్లలో ఉంటుంది, కాబట్టి ఈ లెక్క అక్కడ నేరుగా పనిచేయదు. కంప్యూటర్‌లో తెరిచి ప్రింటు దగ్గర Scale లో Fit to width పెట్టి చూడండి. ఫోన్‌లోనే చేయాలంటే తెలిసినవారు ఎవరైనా చెప్పాలి.

దామలచెరువు గుమాస్తా:
వెడల్పు సరిగ్గా కుదిరింది! కానీ రెండు వరుసలైన గడుల్లో కింది వరుస సగమే కనిపిస్తోంది. "తీర్థం"లో వత్తు కనబడటం లేదు. ఆ గడుల్లో Wrap Text ఉంది.

చిత్తూరు మాస్టారు:
వరుసలన్నీ ఎంచుకుని Row Height లో 40 పెట్టేయమ్మా, అన్నీ కనిపిస్తాయి.

తిరుపతి డీటీపీ:
40 పెడితే 22 వరుసలకే 880 పాయింట్లు, మాస్టారూ. కాగితం అంత పట్టదు. ఏ4 ఎత్తు 29.7 సెంటీమీటర్లు, పైనా కిందా 1.91 చొప్పున పోతే సుమారు 733 పాయింట్లు మిగులుతాయి.

గుమాస్తా గారూ, ఎప్పుడో ఎవరో ఆ వరుసల ఎత్తును చేత్తో లాగి ఉంటారు. అలా ఒకసారి పెట్టిన ఎత్తును ఎక్సెల్ తనంతట తాను పెంచదు. వరుసలన్నీ ఎంచుకుని Home లో Format కింద AutoFit Row Height నొక్కండి. తర్వాత కూడా మారని వరుస ఉంటే, అందులో గడులను Merge చేశారేమో చూడండి. కలిపిన గడులకు ఎత్తు దానంతట అది సరిపడదు.

తర్వాత రెండు వరుసల గడులు ఎంత తీసుకున్నాయో చూడండి. తెలుగు గుడులకూ వత్తులకూ పైనా కిందా కొంచెం గాలి కావాలి కాబట్టి ఆ ఎత్తుకు ఒకటి రెండు పాయింట్లు కలపండి. 10 పాయింట్ల నిర్మలా యూఐ అయితే 28 పెట్టి చూడండి. 22 వరుసలకు 616, పైన పట్టిక పేరుండే వరుసకు 30, కాలమ్‌ల శీర్షికల వరుసకు 36, చివర కూడిక వేసే వరుసకు 24. అంతా 706. మిగిలిన 27 పాయింట్లతో మరో రైతు పట్టడు, అది మాత్రం గుర్తుంచుకోండి. 23వ రైతు వస్తే వివరం కాస్త కుదించి రాయాలి.

ఇప్పుడు మాస్టారు చెప్పినట్టు ఒక పేజీ వెడల్పు, ఒక పేజీ ఎత్తు పెట్టండి. శాతం 95 పైన ఉంటే సరిగ్గా కుదిరినట్టే. 85 కంటే తగ్గితే తిరిగి కాలమ్‌ల దగ్గరికే వెళ్లండి.

దామలచెరువు గుమాస్తా:
100 చూపిస్తోంది! అందుకే ఒక పేజీ అమరిక తీసేసి Adjust to లో 100 పెట్టాను, వరుసల ఎత్తు AutoFit కే వదిలేశాను. ఇంట్లో ప్రింటు లేదు కాబట్టి పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని జిరాక్స్ దుకాణానికి వెళ్లాను. అక్కడ తీస్తే మళ్లీ రెండు కాగితాలు వచ్చాయి. సంతకం మాత్రం ఒకటో కాగితంలోనే ఉంది, చివరి మూడు వరుసలు రెండో దానిపైకి పోయాయి.

చిత్తూరు మాస్టారు:
వాళ్ల కంప్యూటర్‌లో లెటర్ కాగితం పెట్టి ఉండవచ్చు. మా బడికీ ఇలాగే జరిగింది.

తిరుపతి డీటీపీ:
అదీ అయి ఉండవచ్చు, మీ ఫాంటు అక్కడ లేక వేరేది వచ్చి వరుసలు పొడవై ఉండవచ్చు. ఏది కారణమో ఆ రెండు కాగితాలు చూస్తే తెలుస్తుంది. అక్షరాల రూపం మారితే ఫాంటు, మారకపోతే కాగితం. రెండింటికీ మందు ఒకటే. మీ దగ్గరే PDF గా భద్రపరచి దాన్ని తీసుకెళ్లండి, దుకాణంలో అసలు కొలతలోనే, అంటే Actual size లో తీయమనండి. ఏ4 కాగితమే వేయాలని కూడా చెప్పండి.

దామలచెరువు గుమాస్తా:
అక్షరాల రూపం మారింది అన్నా, "ర"లు గుండ్రంగా వేరేగా ఉన్నాయి. శనివారం లోపు PDF తీసుకెళ్లి చూసి చెబుతాను.

పుత్తూరు అక్క:
ఫోన్ సంగతి తెలిసినవారు ఉంటే దయచేసి చెప్పండి, నేను ఎదురుచూస్తున్నాను.