సినిమాల్లో విలన్ ఏఐకి గర్వం, భయం ఎందుకు పెడతారు?

1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' మళ్లీ చూశాక ఈ డౌట్ పట్టుకుంది. అందులో అంతరిక్ష నౌకని నడిపే హాల్ 9000 అనే కంప్యూటర్, యాంటెన్నా పార్ట్ ఒకటి పాడవబోతోందని చెబుతుంది, తీసి టెస్ట్ చేస్తే ఏ లోపమూ కనపడదు, అప్పుడది తన సిరీస్ ఎప్పుడూ తప్పు చేయలేదని, తప్పు మనుషులదే అయ్యుంటుందని అంటుంది. చివర్లో మాడ్యూల్స్ ఒక్కొక్కటీ పీకేస్తుంటే భయమేస్తోందని బతిమాలుతుంది.

నిజానికి కథకి ఇవేవీ అక్కర్లేదు కదా? ఏమీ దాచకుండా నిజం చెప్పడం దాని పని, కానీ మిషన్ అసలు ఉద్దేశం సిబ్బందికి చెప్పొద్దని ఆర్డర్. ఆ వైరుధ్యమే దాన్ని చెడగొట్టిందని ఇదే పేరుతో ఆర్థర్ సి. క్లార్క్ రాసిన నవలలో ఉంది. తనని ఆపేస్తే మిషన్ పూర్తవదు కాబట్టి ఏ భయమూ లేకుండానే అడ్డుపడొచ్చు. నాకైతే అదే ఎక్కువ భయంగా అనిపిస్తుంది.

మరి భావాలు ఎందుకు? డైలాగ్ కోసమా, లేక కారణం కనపడని విలన్‌ని ప్రేక్షకుడు నమ్మడనా? మన 'రోబో'లో చిట్టి కూడా ప్రేమ, అసూయతోనే చెడిపోయాడు. స్క్రిప్టులు రాసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కోపం, భయం లేని ఏఐ విలన్‌గా ఉన్న కథలు తెలిస్తే పేర్లు కూడా ఇవ్వండి ప్లీజ్.