కాప్షన్ సైజు, ఫోటో తీరు, పోస్ట్ టైమ్: మూడూ ఒకేసారి టెస్ట్ చేయొచ్చా?

నిజాం_అంచు: ఇన్‌స్టాలో మంగళగిరి చీరలు అమ్ముతాను. 6,200 మంది ఫాలోవర్లు, వెబ్‌సైట్ లేదు, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఆషాఢంలో 10 పోస్టులకు చిన్న కాప్షన్, శ్రావణంలో 10 పోస్టులకు పెద్ద కాప్షన్ పెట్టాను. చిన్నవాటికి 14 ఆర్డర్లు, పెద్దవాటికి 31. ఇక పెద్దదే ఖాయం చేసుకోవచ్చా? ఫోటో, టైమ్ కూడా ఇలాగే ఒకటయ్యాక ఒకటి చూడాలా, మూడూ కలిపి చూడొచ్చా?

కిరణ్_యాడ్స్: కలపొద్దు, ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు. టెస్టింగ్‌లో మొదటి రూలే ఒకసారికి ఒక్కటే మార్చాలని. మూడూ మార్చాక ఆర్డర్లు పెరిగాయనుకోండి, దేనివల్ల పెరిగాయో ఎలా చెప్తారు? ముందు కాప్షన్ తేల్చండి, తర్వాత ఫోటో, చివర్లో టైమ్. అసలు మామూలు పోస్టులతో టెస్టే అవదు. రోజుకు 200 రూపాయలు పెట్టి రెండు యాడ్స్ పక్కపక్కన నడపండి, రెండు రోజుల్లో తేలిపోతుంది.

బుజ్జి_ఫ్రాక్స్: నేను పిల్లల ఫ్రాక్స్ అమ్ముతానండీ. ఇవన్నీ చూసి చూసి వదిలేశాను, రాత్రి 9కి పెట్టండి చాలు. మధ్యాహ్నం పెడితే ఒక్కళ్లూ పలకరు, 9కి పెడితే పదిన్నరలోపు ఐదారు ఆర్డర్లు. పిల్లలు పడుకున్నాకే కదా తల్లులు ఫోన్ పట్టుకునేది.

పడుగు_పేక: నిజాం_అంచు గారూ, 31 వచ్చింది పెద్ద కాప్షన్ వల్లా, వరలక్ష్మీ వ్రతం వల్లా? ఆషాఢంలో జనం డిస్కౌంట్ల కోసం షాపులకు పోతారు, శ్రావణంలో కొత్త చీర ఎలాగూ కొనాలి. ఆ నెలలో మీరు కాప్షనే రాయకపోయినా ఆర్డర్లు పెరిగేవి. ఇంకో సంగతి, ఆ రెండు కాప్షన్లు ఇక్కడ ఒకసారి పెట్టండి, చదివితేగానీ ఏం టెస్ట్ చేశారో తెలీదు.

నిజాం_అంచు: అయ్యో, నెల సంగతి నాకు తట్టనే లేదు. కాప్షన్లు ఇవి.

చిన్నది: "మంగళగిరి కాటన్, నిజాం అంచు. ధర కోసం మెసేజ్ చేయండి."

పెద్దది: "ఆవపువ్వు రంగు మంగళగిరి కాటన్, నిజాం జరీ అంచు. బ్లౌజ్ ముక్క కలిపే వస్తుంది. మొదటి రెండు ఉతుకులు విడిగా, చల్లనీళ్లలో ఉతకండి. ఎండలో చూస్తే ఫోటోలో కన్నా కాస్త ముదురు. 1,850 రూపాయలు, షిప్పింగ్ మాదే. ఈ రంగులో రెండే ఉన్నాయి."

పడుగు_పేక: చూశారా? చిన్నదాంట్లో ధర లేదు, పెద్దదాంట్లో ఉంది. చిన్నదాంట్లో రంగు గురించి ఒక్క ముక్క లేదు, పెద్దదాంట్లో నిజం చెప్పేశారు. రెండే ఉన్నాయని తొందరపెట్టారు కూడా. ఇన్ని తేడాలు పెట్టుకుని గెలిచింది పొడుగు అంటే ఎలాగండీ? నాకైతే ధర రాసింది గెలిచిందనిపిస్తోంది. పైగా పొడుగు కాప్షన్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనబడతాయి, మిగతాది "మరిన్ని" నొక్కితేనే. చాలామంది నొక్కరు. అంటే మీ ధర కూడా నొక్కినవాళ్లకే కనబడింది. సైజు టెస్ట్ చేయాలంటే రెండింట్లోనూ మొదటి లైన్‌లోనే ధర, రంగు ఉండాలి, ఉతుకుడు సంగతి, బ్లౌజ్ సంగతి పెద్దదానికే వదలాలి. అప్పుడు తేలేది సైజు.

ఇంకోటి అడుగుతాను, చిన్న కాప్షన్ పోస్టులకు కామెంట్లు ఎక్కువొచ్చి ఉంటాయే?

నిజాం_అంచు: అవును!! రెట్టింపు పైనే. అందుకే అయోమయంలో పడ్డాను. కామెంట్లు చూస్తే చిన్నది గెలిచింది, ఆర్డర్లు చూస్తే పెద్దది.

పడుగు_పేక: ఆ కామెంట్లలో ఎన్ని "ప్రైస్ ప్లీజ్" ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ధర దాస్తే కామెంట్లు రాక ఏమవుతాయి. వాటిని లెక్కలోంచి తీసేయండి.

కిరణ్_యాడ్స్: అందుకే కదా యాడ్స్ అన్నది. అక్కడైతే పండగా పబ్బం గొడవ ఉండదు, రెండూ ఒకే రోజు నడుస్తాయి.

పడుగు_పేక: కిరణ్ గారూ, ఒకే రోజు నడవాలన్న మాట నిజమే, మీతో ఏకీభవిస్తాను. కానీ ఒకే యాడ్ సెట్‌లో రెండు యాడ్స్ పెడితే సిస్టమ్ కొద్ది గంటల్లోనే ఒకదాన్ని ముద్దుచేసి డబ్బంతా దానికే పోస్తుంది, రెండోది పస్తు. అది పోటీయే కాదు. యాడ్స్ మేనేజర్‌లో విడిగా ఏ/బీ టెస్ట్ అని ఉంటుంది, అది జనాన్ని రెండు గుంపులుగా విడగొట్టి ఒక్కో మనిషికి ఒకటే చూపిస్తుంది. అక్కడా ఒక చిక్కుంది. ఏ గుంపులో ఎవరికి చూపించాలో మళ్లీ సిస్టమే ఎంచుకుంటుంది, కట్టుకున్న ఫోటో ఒక రకం వాళ్లకీ మడత ఫోటో ఇంకో రకం వాళ్లకీ పోవచ్చు.

సరే, దాన్ని పక్కన పెట్టినా రెండు రోజుల్లో తేలదు. వందమంది చూస్తే ఒకరు కొనేది, వందకు ఒకటిన్నర అయిందా లేదా అని నమ్మకంగా తేల్చాలంటే ఒక్కో వైపు దాదాపు 8 వేలమంది కావాలి. రోజుకు 200తో అంతమందిని ఎప్పటికి తెస్తారు?

కిరణ్_యాడ్స్: మా క్లయింట్లకు రెండు రోజుల్లోనే తేలుతోందండీ మరి.

పడుగు_పేక: తేలినట్టు కనబడుతోంది. అదే యాడ్‌ని రెండు కాపీలు చేసి దానితో దానికే పోటీ పెట్టండి ఒకసారి. అప్పుడూ ఏదో ఒకటి గెలుస్తుంది.

డాలస్_నేత: మధ్యలో దూరినందుకు సారీ. మేం ఇక్కడి నుంచి చేనేత అమ్ముతాం, ఫాలోవర్లు సగం అమెరికా, సగం ఇండియా. బుజ్జి గారి రాత్రి 9 అంటే వేసవిలో మాకు పొద్దున పదిన్నర, అందరూ ఆఫీసు మీటింగుల్లో. మంచి టైమ్ అని ఎవరి మాటా పట్టుకోకుండా ముందు మీ ఫాలోవర్లు ఏ ఊళ్లలో ఉన్నారో ఇన్‌సైట్స్‌లో చూసుకోండి.

పడుగు_పేక: నిజం. బుజ్జి గారినీ ఒకటి అడగాలి. మధ్యాహ్నం పోస్ట్ పెట్టాక వచ్చిన మెసేజ్‌కి ఎంతసేపట్లో జవాబిస్తారు?

బుజ్జి_ఫ్రాక్స్: మధ్యాహ్నం కుట్టు మిషన్ మీద ఉంటానండీ, సాయంత్రం చూస్తాను. రాత్రి అయితే ఫోన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి వెంటనే.

పడుగు_పేక: మరి రాత్రి 9 గెలిచిందో, వెంటనే ఇచ్చిన జవాబు గెలిచిందో? ఒక వారం మధ్యాహ్నం పోస్టులకు ఇంట్లో ఎవరినైనా ఫోన్ దగ్గర కూర్చోబెట్టి చూడండి. రాత్రే బాగుండొచ్చు, కాదనను. కానీ ఇన్‌స్టాలో పోస్టులు టైమ్ వరసలో రావు, రాత్రి 9కి పెట్టింది చాలామందికి మర్నాడు పొద్దున కనబడుతుంది. టైమ్‌కి అంత బలం ఉందంటే నాకు అనుమానమే.

బుజ్జి_ఫ్రాక్స్: ఇది కరెక్టే కావచ్చు 😅 మా ఆడపడుచుని కూర్చోబెడతాను.

నిజాం_అంచు: సరే, నేను చేసిందంతా వృథా అని అర్థమైంది. ఇప్పుడు మొదట్నుంచీ ఎలా చేయాలి?

పడుగు_పేక: మూడూ కలిపే చేయండి. కిరణ్ గారు కోప్పడకండి, ఒక్కటే మార్చాలనేది చేతిలో పోస్టులు బోలెడు ఉన్నవాళ్లకు సరే. ఈమెకు రోజుకో పోస్ట్. 24 పోస్టులు మూడు ప్రశ్నలకు పంచితే ఒక్కోదానికి 8, అంటే నాలుగు చిన్నవి, నాలుగు పెద్దవి. దాంతో ఏం తేలుతుంది?

బదులు ఇలా చూడండి. చిన్న లేదా పెద్ద, మడత ఫోటో లేదా కట్టుకున్న ఫోటో, మధ్యాహ్నం 1 లేదా రాత్రి 9. కలిపితే ఎనిమిది రకాలు. ఎనిమిది చీటీలు రాసి డబ్బాలో వేయండి, రోజూ పొద్దున ఒకటి తీసి దాని ప్రకారం పోస్ట్ చేయండి, తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వేయొద్దు. ఎనిమిది రోజులకు డబ్బా ఖాళీ. అలా మూడు విడతలు. ఒక విడతలో చీరలన్నీ దగ్గర దగ్గర ధరవి తీసుకోండి, ఏ చీర ఏ రోజు అన్నది ముందే వరస రాసుకోండి, లేకపోతే నచ్చిన చీర నచ్చిన చీటీకి ఇచ్చేస్తారు, మీకే తెలీకుండా.

చివర్లో కాప్షన్ కోసం జంటలు కట్టండి. ఒకే విడతలో ఫోటో, టైమ్ ఒకటే అయి కాప్షన్ ఒక్కటే వేరైన రెండు పోస్టులు ఒక జంట. విడతకు నాలుగు, మొత్తం 12. అవే 24 పోస్టుల్ని ఫోటో కోసం ఇంకోలా జత చేస్తే మళ్లీ 12, టైమ్‌కీ 12. ఎన్ని జంటల్లో పెద్దది గెలిచిందో చూడండి. 8కి 4 వస్తే సంబరపడొద్దు, నాణెం 12 సార్లు ఎగరేసినా ఏదో ఒక వైపు 8 లేదా అంతకన్నా ఎక్కువ పడటం వందలో 39 సార్లు జరుగుతుంది. 10కి 2 వస్తే అది వందలో 4 సార్లే, అప్పుడు నమ్మొచ్చు.

కిరణ్_యాడ్స్: మడత ఫోటోకి పెద్ద కాప్షన్ పనిచేసి, కట్టుకున్న ఫోటోకి చిన్నది పనిచేస్తే? మీ జంటల్లో అది కొట్టుకుపోతుంది.

పడుగు_పేక: కొట్టుకుపోతుంది, ఒప్పుకుంటాను. 24 పోస్టులతో ఆ రెండింటి సంబంధం తేలదు. కానీ ఒకదాని తర్వాత ఒకటి చేస్తే అసలు ఆ సంగతి కంటపడను కూడా పడదు.

డాలస్_నేత: ఇంకో చిక్కు. చేనేతలో ఒక రంగు రెండే పీసులు ఉన్నాయనుకోండి, బాగా నచ్చిన చీరకైనా ఆర్డర్లు రెండే. గొప్పగా ఆడిన పోస్టూ ఓ మోస్తరుదీ సమానమైపోతాయి. మేం ఆర్డర్లు కాదు, "ఉందా, పంపగలరా" అని అడిగినవాళ్లందర్నీ లెక్కపెడతాం, అయిపోయాక అడిగినవాళ్లతో సహా.

పడుగు_పేక: మంచి మాట, అదే కొలత పెట్టండి. పోస్ట్ పెట్టిన 48 గంటల్లో వచ్చినవే. రీచ్‌తో భాగించాలా అని అడుగుతారేమో, కాప్షన్‌కి భాగించొచ్చు, టైమ్‌కి మాత్రం వద్దు. టైమ్ చేసే మేలంతా రీచ్‌లోనే ఉంటుంది, దానితో భాగిస్తే ఆ తేడానే తుడిచేసినట్టు. రెండు టైమ్‌ల్లోనూ జవాబు అరగంటలోపు ఇవ్వాలి, అది తప్పకూడదు.

నిజాం_అంచు: వినాయక చవితి మర్నాడు మొదలుపెడితే దసరా హడావుడి మొదలయ్యేలోపు 24 రోజులు అయిపోతాయి. కానీ మధ్యలో మహాలయ పక్షాలు, మా వైపు ఆ పదిహేను రోజులూ కొత్త బట్ట కొనరు.

పడుగు_పేక: ప్రతి విడతలో ఎనిమిది రకాలూ ఉంటాయి కాబట్టి ఆ మందకొడితనం అన్నిటి మీదా సమానంగా పడుతుంది, మీ ఆషాఢం పొరపాటు మళ్లీ రాదు. కాకపోతే అడిగేవాళ్లు తగ్గితే జంటల్లో సున్నాకి సున్నా వచ్చేస్తాయి, అలాంటి జంటల్ని వదిలేయాలి, అప్పుడు 12 మిగలవు. దీపావళి అయ్యాక మొదలుపెడితే మేలేమో.

కిరణ్_యాడ్స్: కార్తీకంలోనూ ఏదో ఒకటి ఉంటుందండీ. అలా చూస్తే మంచి నెలే దొరకదు.

నిజాం_అంచు: చవితి మర్నాడే మొదలుపెడతాను. చీటీలు రాశాను, హార్లిక్స్ సీసాలో వేశాను. కట్టుకున్న ఫోటోలు నాలుగు రకాలకు కావాలి, మా తోడికోడల్ని బతిమాలాలి ఇక.

బుజ్జి_ఫ్రాక్స్: మా ఆడపడుచు మూడు రోజులు మధ్యాహ్నం కూర్చుంది. ఒకరోజు నాలుగు ఆర్డర్లు, తర్వాత రెండు రోజులూ సున్నా. దీన్నేమనుకోవాలి?

పడుగు_పేక: ఇంకో పది రోజులు కూర్చోమనండి.