వాక్‌త్రూ వీడియోలో 0.5 వాడితే మోసమేనా?

రమణ: సొంత ఫ్లాట్ అమ్మకానికి ఫోన్‌తో వీడియో తీస్తున్నాను. పది అడుగుల వెడల్పు బెడ్‌రూమ్ మామూలు లెన్స్‌లో పట్టట్లేదు, 0.5 వైడ్ లెన్స్‌లో హాలంత కనిపిస్తోంది. 0.5 వాడితే మోసం చేసినట్టా?

కిరణ్: ముమ్మాటికీ మోసమే. వీడియోలో మంచం చుట్టూ తిరిగేంత చోటు చూసి పిల్లలతో సహా వెళ్లాం. తీరా చూస్తే మంచం అడ్డొచ్చి బీరువా తలుపు సగమే తెరుచుకుంటోంది.

సుధాకర్: రమణ గారూ, ఫోన్ నిలువుగా పట్టుకున్నారా? 1x లెన్స్ చాలా ఫోన్లలో 24 ఎం.ఎం.కి దగ్గర. గుమ్మం నుంచి ఎదుటి గోడ 11 అడుగులనుకుంటే, ఫోన్ అడ్డంగా పడితే అక్కడ 16 అడుగుల వెడల్పు పడుతుంది. స్టెబిలైజేషన్ అంచులు కొంత కోసేసినా గోడంతా వస్తుంది. నిలువుగా పడితే తొమ్మిది అడుగులే. వెనక్కి జరగలేని బాత్‌రూమ్‌కి 0.5 తప్పదు. మిగతా చోట్ల అడ్డంగా, ఛాతీ ఎత్తులో, వంచకుండా పట్టండి.

లక్ష్మి: అడ్డం వీడియో ఫోన్‌లో ఎవరు చూస్తారండీ?

వాసు: నాది ఖాళీ స్థలం. 0.5 పనికొస్తుందా?

సుధాకర్: వాసు గారూ, కిందికి పట్టి తీస్తే ముందున్న రోడ్డు మైదానంలా కనిపిస్తుంది. హద్దురాయి నుంచి హద్దురాయికి కట్ లేకుండా నడవండి, చాలు.

ఫ్లాట్‌కీ అంతే. మెయిన్ డోర్, హాలు, నడవా, గది ఒకే షాట్‌లో రావాలి. గుమ్మం దగ్గర కట్ చేస్తే ఏ గది ఎటుందో అర్థం కాదు. ఖాళీ గదైతే కొలతే తెలియదు, ఒక మనిషిని ఎదుటి గోడదాకా నడిపించండి.

కిరణ్: అవన్నీ సరే, 0.5 మోసమా కాదా?

లక్ష్మి: అబ్బా, వదలండి కిరణ్ గారూ. వీడియో ఉన్నది కొనేవాళ్లని రప్పించడానికే. వచ్చాక టేపు పెట్టి కొలుచుకుంటారు.

కిరణ్: అంటే మా ఆదివారం మీకు లెక్కలేదు! మేం వీడియో చూసేది వెళ్లాలో వద్దో తేల్చుకోవడానికి.

లక్ష్మి: నాకు డబ్బులిచ్చేది ఓనరు. ఫోన్లు రాకపోతే ఇంకో ఏజెంటు దగ్గరికి పోతాడు. మీరిస్తారా?

సుధాకర్: ఇదీ అసలు గొడవ, లెన్స్ కాదు. 1xతోనూ అబద్ధం చెప్పొచ్చు. కిటికీని పక్కనుంచి తీస్తే వెలుతురే కనిపిస్తుంది, నాలుగడుగుల్లో ఉన్న పక్కింటి గోడ కనిపించదు. దాన్ని దాచి తెప్పించుకున్న ఫోన్లు బేరం దాకా రావడం నేనైతే పెద్దగా చూడలేదు.

లక్ష్మి: నేను చూశాను. వచ్చి, గోడ చూసి, రేటు తగ్గించుకుని కొన్నవాళ్లున్నారు.

రమణ: ఫోన్ అడ్డంగా తిప్పాను, గోడ మొత్తం పట్టింది, థాంక్స్. కానీ మా వంటింటి కిటికీకి ఎదురుగా అలాంటి గోడే ఉంది. చూపించాలా?

కిరణ్: చూపించండి.

లక్ష్మి: వద్దు.